కరెంటు పోయి వచ్చాక ఏసీ ఎందుకు మొరాయిస్తుంది: తిరుపతి లాడ్జిలో ఒక కేసు

తిరుపతి రైల్వే స్టేషన్‌కు దగ్గర్లో యాత్రికులు దిగే ఒక లాడ్జి ఇది. మూడంతస్తులు, అంతస్తుకు 12 ఏసీ గదులు. అన్నీ ఒకటిన్నర టన్ను పాత ఫిక్స్‌డ్ స్పీడ్ స్ప్లిట్‌లు, ఆర్22 గ్యాస్‌వి. మే నెలలో మేనేజర్ ఫోన్ చేశాడు. రెండో అంతస్తులో వరసగా రెండు కంప్రెసర్లు కాలిపోయాయి, మిగతా గదుల్లో కూడా గెస్టులు చల్లగా లేదని గొడవ చేస్తున్నారు అన్నది ఫిర్యాదు. మొదటి, మూడో అంతస్తుల్లో ఆ బాధ లేదు. ఏసీలు ఒకే మోడల్, ఒకేసారి కొన్నవి, ఎండ కూడా ఒకటే. పైగా ఎండ నేరుగా తగిలేది మూడో అంతస్తుకు.

"గ్యాస్ ఏపిచ్చినాము గదన్నా, నాలుగు రూముల్లో ఏపిచ్చినాము. మళ్లీ అదే కత," అన్నాడు మేనేజర్.

చల్లదనం ఎప్పుడు పోతోందని అడిగితే అసలు విషయం బయటికొచ్చింది. రోజంతా బాగానే ఉంటుంది. సాయంత్రం గాలివాన వచ్చి కరెంటు పోయి వచ్చిందంటే, కొన్ని గదుల్లో ఏసీ లైటు వెలుగుతుంది, గాలి వస్తుంది, కానీ చల్లదనం ఉండదు. అరగంటో ముప్పావు గంటో అయ్యాక దానంతట అదే చల్లబడుతుంది. మెకానిక్ వచ్చేసరికి ఏసీ బాగానే నడుస్తూ ఉంటుంది. అతను గేజ్ పెట్టి, కాస్త గ్యాస్ ఎక్కించి, డబ్బులు తీసుకుని పోతాడు.

గ్యాస్ తగ్గిన ఏసీ ఇలా ప్రవర్తించదు. దానికి కరెంటు పోవడంతో సంబంధం ఉండదు, అరగంట తర్వాత దానికదే బాగవదు కూడా. కరెంటు రాగానే పడుకుని, తర్వాత దానంతటదే లేచే ఏసీని చూస్తే నాకు ముందు అనుమానం వచ్చేది ఓఎల్‌పీ మీదే. ఓఎల్‌పీ అంటే కంప్రెసర్‌లోని ఓవర్‌లోడ్ ప్రొటెక్టర్.

మరుసటి రోజు సాయంత్రం కరెంటు పోయినప్పుడు నేను అక్కడే ఉన్నాను. సప్లై వచ్చాక చల్లదనం లేని ఒక గది అవుట్‌డోర్ దగ్గరికి వెళ్లి, ఫేజ్ వైరుకు క్లాంప్ మీటర్ పెట్టాను. అర ఆంపియర్ కూడా లేదు. అంటే అవుట్‌డోర్ ఫ్యాన్ మాత్రమే తిరుగుతోంది, కంప్రెసర్ ఆగి ఉంది. ఎంసీబీ ఆపి, కెపాసిటర్ డిశ్చార్జ్ చేసి, కంప్రెసర్‌కు ఉండే కామన్, రన్, స్టార్ట్ అనే మూడు టెర్మినల్స్ వైర్లు విప్పి ఓమ్స్ చూశాను. కామన్ నుంచి రన్‌కు ఓపెన్, అంటే దారి తెగి ఉంది. కామన్ నుంచి స్టార్ట్‌కు ఓపెన్. రన్ నుంచి స్టార్ట్‌కు మాత్రం ఐదారు ఓములు చూపిస్తోంది.

చాలామంది ఇక్కడే పొరబడతారు. కామన్ నుంచి రెండూ ఓపెన్ అని చూసి 'వైండింగ్ పోయింది, కంప్రెసర్ మార్చాలి' అనేస్తారు. వైండింగే తెగి ఉంటే రన్, స్టార్ట్‌ల మధ్య కూడా ఓపెనే రావాలి, ఎందుకంటే ఆ దారి రెండు వైండింగ్‌ల గుండా వెళ్తుంది. అక్కడ రీడింగ్ వచ్చిందంటే రెండు వైండింగ్‌లూ బాగున్నాయి, కామన్ దగ్గర లోపల కూర్చున్న ఓఎల్‌పీ తెరుచుకుని ఉంది. షెల్ మీద చెయ్యి పెట్టలేనంత వేడి. చల్లారేదాకా ఆగితే కామన్ రీడింగ్ తిరిగి వస్తుంది. ఆ రోజు రావడానికి నలభై నిమిషాల పైనే పట్టింది. కంప్రెసర్ త్వరగా చల్లారాలని నీళ్లు పోసేవాళ్లు ఉన్నారు. టెర్మినల్స్ మీద పడితే షాక్ కొడుతుంది, ఆ పని వద్దు.

ఓఎల్‌పీ తెరుచుకుందని తేలింది. ఎందుకు తెరుచుకుందో తేలాలి.

ఏసీ నడుస్తున్నప్పుడు గ్యాస్ రెండు ప్రెషర్ల దగ్గర ఉంటుంది. కంప్రెసర్‌లోకి గ్యాస్ వచ్చే తక్కువ ప్రెషర్ పక్క లో సైడ్ లేదా సక్షన్, బయటికి పోయే ఎక్కువ ప్రెషర్ పక్క హై సైడ్. ఆ గదిలో సక్షన్ గేజ్ 70 పీఎస్‌ఐ చూపింది. ఈ స్ప్లిట్‌లకు హై సైడ్ గేజ్ పెట్టే పోర్టు ఉండదు కాబట్టి కండెన్సర్ మధ్య బెండు మీద థర్మామీటర్ పెట్టి చూశాను. 53 డిగ్రీలు. ఆర్22కి ఆ వేడి దగ్గర ప్రెషర్ సుమారు 285 పీఎస్‌ఐ. అంటే కంప్రెసర్ ఒక పక్క 70, మరో పక్క 285 మధ్య నిలబడి ఉంది. నడుస్తున్నప్పుడు అది కష్టం కాదు, తిరిగే రోటర్‌కు ఊపు ఉంటుంది. ఆగిన క్షణంలో ఆ ఊపు పోతుంది, ప్రెషర్ తేడా మాత్రం అలాగే ఉంటుంది.

ఆ తేడా కరగడానికి ఈ ఏసీల్లో పెద్ద దారి ఒక్కటే, క్యాపిలరీ ట్యూబ్. సూది బెజ్జం కంటే కాస్త పెద్ద రంధ్రం ఉన్న సన్నని రాగి గొట్టం అది. కంప్రెసర్ ఆగాక హై సైడ్‌లోని గ్యాస్ ఆ గొట్టం గుండా లో సైడ్‌కు జారుతుంది. ఏసీ ఆపాక ఇండోర్ నుంచి కాసేపు బుసబుస, గుడగుడ శబ్దం వస్తుందే, అది ఇదే. గేజ్ పెట్టి చూస్తే సక్షన్ ముల్లు మొదటి నిమిషంలో వేగంగా పైకి పోతుంది, తర్వాత నెమ్మదిస్తుంది. ఆ గదిలో మూడు నిమిషాలకు 140 దగ్గర దాదాపు నిలబడిపోయింది. కంప్రెసర్ ఆగాక మళ్లీ స్టార్ట్ అయ్యే ముందు ఏసీ కంపెనీలు మూడు నిమిషాల ఆలస్యం పెట్టడానికి కారణం ఈ ముల్లు కదలికే.

సాధారణ సింగిల్ ఫేజ్ ఏసీ కంప్రెసర్‌కు రన్ కెపాసిటర్ ఒక్కటే ఉంటుంది, స్టార్ట్ కెపాసిటర్ ఉండదు. అందువల్ల మొదటి తిప్పుకు దాని బలం తక్కువ. రెండు పక్కలా ప్రెషర్ సమానమైతే ఆ బలం చాలు. 200 పీఎస్‌ఐ పైగా తేడా ఉండగా కదలమంటే, ఘాట్ రోడ్డు మీద ఆగిన బండిని నాలుగో గేరులోనే కదిలించబోయినట్టు ఉంటుంది. రోటర్ కదలదు, హమ్మింగ్ మాత్రం వినిపిస్తుంది. దీన్నే స్టాల్ అంటారు.

ఏమవుతుందో కొలిచి చూశాం. కంప్రెసర్ చల్లారి మామూలుగా నడుస్తున్నప్పుడు కరెంటు 7.6 ఆంపియర్లు, వోల్టేజ్ 228. ఎంసీబీ ఆపి, పది సెకన్లకు మళ్లీ వేశాం. కరెంటు 38 ఆంపియర్లకు ఎగిరి అక్కడే నిలిచింది. హమ్మింగ్ వచ్చింది. ఏడెనిమిది సెకన్లు గడిచాక లోపల 'టిక్'మని శబ్దం, కరెంటు ఒక్కసారిగా ఫ్యాన్ మేరకు పడిపోయింది. ఈ పరీక్ష ఒక్కసారి చేసి ఆపేయాలి, మళ్లీ మళ్లీ చేస్తే పరీక్షే కంప్రెసర్‌ను కాల్చేస్తుంది. ఓఎల్‌పీ కలిశాక ఏసీని కాసేపు నడిపి, ఈసారి నాలుగు నిమిషాలు ఆపి వేశాం. మీటర్ ముల్లు ఒక్క క్షణం ఎగిరి ఐదున్నర ఆంపియర్లకు దిగింది, ప్రెషర్ పెరిగే కొద్దీ మెల్లగా పాత రీడింగ్‌కు వచ్చింది. అదే కంప్రెసర్, అదే కెపాసిటర్, అదే లైను. మధ్యలో ఆగిన సమయం ఒక్కటే తేడా.

మామూలు కరెంటుకు 38 అంటే ఐదు రెట్లు. వైండింగ్‌లో పుట్టే వేడి మాత్రం కరెంటు వర్గంతో పెరుగుతుంది, అంటే 25 రెట్లు. పైగా రోటర్ ఆగి ఉండడం వల్ల వైండింగ్‌ను చల్లబరిచే గ్యాస్ కూడా కదలదు. అందుకే సెకన్లలో ఓఎల్‌పీ తెరుచుకుంటుంది, తెరుచుకోవాలి కూడా. అది రెండు వేర్వేరు లోహాలు అతికించిన చిన్న బిళ్ల. వేడెక్కితే వంగి కాంటాక్ట్ విడదీస్తుంది, చల్లారితే కలుస్తుంది. షెల్ మొత్తం కాగి ఉంటే చల్లారడానికి ముప్పావు గంట పట్టినా ఆశ్చర్యం లేదు. గెస్టులు చెప్పిన 'అరగంట తర్వాత బాగవుతోంది' ఇదే.

'అయితే ఓఎల్‌పీ కాపాడుతోంది కదా, ఇంకేం టెన్షన్' అని లాడ్జి ఓనరు అడిగాడు. ఓఎల్‌పీ ఉన్నది ఎప్పుడో ఒకసారి ఏదో తేడా వస్తే ఆపడానికి. రోజూ రెండు మూడు సార్లు తెరుచుకునే స్విచ్చుగా దాన్ని వాడుకుంటే రెండు నష్టాలు. తెరుచుకునే ముందు వైండింగ్ ప్రతిసారీ బాగా కాగుతుంది, దాని మీది వార్నిష్ ప్రతిసారీ కొంత పెళుసవుతుంది. ఇక 38 ఆంపియర్లను విడదీసేటప్పుడు ఓఎల్‌పీ కాంటాక్ట్‌ల మధ్య ఆర్క్ వస్తుంది. అలా కాలి కాలి ఒకరోజు అవి అతుక్కుపోతే, తర్వాతి స్టాల్‌కు ఆపే దిక్కు ఉండదు. కాలిపోయిన రెండు కంప్రెసర్లనూ లాడ్జి వెనక స్టోర్‌లోనే పడేసి ఉంచారు. ఇన్సులేషన్ కొలిచే మెగ్గర్ పెడితే వైండింగ్‌కూ బాడీకీ మధ్య రీడింగ్ దాదాపు సున్నా, అంటే ఇన్సులేషన్ పోయింది. పైపు వంచి చూస్తే నూనె నల్లగా, ఘాటుగా మాడు వాసన.

మరి మిగతా రెండు అంతస్తుల్లో ఈ బాధ ఎందుకు లేదు? కరెంటు వాటికీ పోతుంది కదా. ఆ అంతస్తుల్లో ప్రతి ఏసీకీ స్టెబిలైజర్ ఉంది. దాంట్లో టైమ్ డిలే ఉంటుంది, సప్లై వచ్చాక సుమారు మూడు నిమిషాలు ఆగి కానీ అవుట్‌పుట్ ఇవ్వదు. స్టెబిలైజర్ అంటే వోల్టేజ్ సరిచేసే పెట్టె అనే అందరూ అనుకుంటారు. నన్నడిగితే ఫిక్స్‌డ్ స్పీడ్ ఏసీకి అందులో సగం విలువ ఈ డిలేదే.

రెండో అంతస్తుకు రిపేర్లు చేయించినప్పుడు గోడల మీద అందంగా లేవని స్టెబిలైజర్లు తీసేశారు. అయినా వెంటనే ఏమీ కాలేదు, ఎందుకంటే ఏసీని నడిపే సొంత బోర్డు, అంటే పీసీబీలో కూడా మూడు నిమిషాల లెక్క ఉంది. రిమోట్‌తో ఆపి వెంటనే వేస్తే ఫ్యాన్ తిరుగుతుంది కానీ కంప్రెసర్ ఆలస్యంగా వస్తుందే, అది ఆ లెక్కే. తర్వాత లాడ్జి ప్యానెల్‌లోనే న్యూట్రల్ లూజై హై వోల్టేజ్ వచ్చింది. ఆ దెబ్బకు రెండో అంతస్తు పీసీబీలు చాలా వరకు పోయాయి. ఒరిజినల్ బోర్డులు దొరక్క యూనివర్సల్ కిట్‌లు వేయించారు. ఈ కిట్‌లు అన్నీ ఒకేలా ఉండవు. ఇక్కడ వేసిన రకానికి రిమోట్‌తో ఆపినప్పుడు డిలే ఉంది, సప్లై పోయి వస్తే మాత్రం లేదు. పవర్ రాగానే పాత సెట్టింగ్ గుర్తు తెచ్చుకుని కొన్ని సెకన్లలో కంప్రెసర్ రిలేను వేసేస్తోంది. కరెంటు పోయిందంటే చాలాసేపే పోయి ఉంటుందని అనుకుని తయారు చేసినట్టుంది.

ఆ అనుకోలు ఈ లాడ్జిలో అసలు కుదరదు. ఇక్కడ జనరేటర్ ఆటోమేటిక్. కరెంటు పోయిన పన్నెండు పదమూడు సెకన్లకు జనరేటర్ సప్లై ఇస్తుంది. లైను కరెంటు తిరిగి వచ్చాక కాసేపు చూసి, కొన్ని సెకన్ల గ్యాప్‌తో లోడును మళ్లీ లైను మీదికి మారుస్తుంది. అంటే ఒక్క కరెంటు కోతకు కంప్రెసర్‌కు రెండు పొట్టి విరామాలు. జనరేటర్ లేని ఇంట్లో అరగంట కరెంటు పోతే ప్రెషర్లు ఎప్పుడో సమానమైపోతాయి, ఆ ఏసీకి ప్రమాదం తక్కువ. అసలు ప్రమాదం పది సెకన్ల విరామానిది. వాన సమయంలో సప్లై వచ్చి, పోయి, మళ్లీ వచ్చినప్పుడూ ఇదే జరుగుతుంది.

జనరేటర్ లెక్క చూస్తే సంగతి ఇంకా స్పష్టమైంది. అది 62.5 కేవీఏ, ఫేజుకు దాదాపు 87 ఆంపియర్లు. రెండో అంతస్తు 12 ఏసీలు మూడు ఫేజుల మీద నాలుగేసి. నడుస్తున్నప్పుడు ఫేజుకు 30 ఆంపియర్లే, ఇబ్బంది లేదు. నాలుగూ ఒకేసారి స్టాల్ అయితే 152 అడుగుతాయి. అంత ఇవ్వలేక వోల్టేజ్ కూలబడుతుంది. మోటారు తిప్పే బలం వోల్టేజ్ వర్గంతో తగ్గుతుంది కాబట్టి 230 ఉండాల్సిన చోట 185 వస్తే బలం మూడింట రెండొంతుల కంటే కొంచెం తక్కువే మిగులుతుంది. ఒక ఏసీ స్టాల్ కావడం పక్క ఏసీని కూడా స్టాల్ చేస్తోంది. ఏ గది ఏ రోజు మొరాయిస్తుందో చెప్పలేకపోవడానికి కారణం ఇదే.

పరిష్కారం మళ్లీ స్టెబిలైజర్లు పెట్టడమే సులువు. గోడల విషయంలో ఓనరు ఒప్పుకోలేదు, గదుల్లో వోల్టేజ్ కూడా మామూలు రోజుల్లో బాగానే ఉంది. అందుకని ప్రతి గదికీ ఒక ఎలక్ట్రానిక్ ఆన్-డిలే టైమర్, ఒక 25 ఆంపియర్ల పవర్ కాంటాక్టర్ పెట్టాం. టైమర్ కాంటాక్ట్ గుండా కంప్రెసర్ కరెంటును నేరుగా పంపకూడదు, అది ఆ లోడుకు తయారైంది కాదు. టైమర్ కాంటాక్టర్ కాయిల్‌ను మాత్రమే నడపాలి.

వైరింగ్‌లో ఒక చిన్న కిటుకు ఉంది. టైమర్‌కు ఇండోర్ టెర్మినల్ నుంచి ఎప్పుడూ ఉండే ఫేజ్ ఇచ్చాం. కాంటాక్టర్ కాయిల్‌కు ఇండోర్ పీసీబీ నుంచి వచ్చే కంప్రెసర్ సిగ్నల్‌ను టైమర్ కాంటాక్ట్ గుండా ఇచ్చాం. ఇలా చేస్తే సప్లై పోయి వచ్చినప్పుడే టైమర్ మొదటి నుంచి లెక్కిస్తుంది, మధ్యలో మళ్లీ పోతే మళ్లీ సున్నా నుంచి మొదలు. గది చల్లబడి థర్మోస్టాట్ కంప్రెసర్‌ను ఆపి వేసే మామూలు పనిలో అది అడ్డం రాదు. టైమర్‌ను కూడా సిగ్నల్ వైరు మీదే పెట్టి ఉంటే ప్రతి కట్-ఆఫ్ తర్వాతా అదనంగా మూడు నిమిషాలు ఆలస్యమయ్యేది. అవుట్‌డోర్ ఫ్యాన్‌ను కాంటాక్టర్‌కు కలపకుండా సిగ్నల్ మీదే ఉంచాం. కంప్రెసర్ ఆగి ఉన్నప్పుడు ఫ్యాన్ తిరిగితే కండెన్సర్ చల్లబడి హై ప్రెషర్ ఇంకాస్త త్వరగా దిగుతుంది. గదిలో ఇండోర్ ఫ్యాన్ కూడా వెంటనే తిరుగుతుంది కాబట్టి గెస్టు ఏసీ రాలేదని రిసెప్షన్‌కు ఫోన్ చేయడు.

టైమర్లన్నీ ఒకే సమయానికి పెట్టలేదు. ఒక్కో ఫేజు మీది నాలుగు గదులకు 3, 3.5, 4, 4.5 నిమిషాలు. అంటే సప్లై తిరిగి వచ్చాక ఈ అంతస్తులో ఒక ఫేజు మీద ఒకసారికి ఒక్క కంప్రెసరే స్టార్ట్ అవుతుంది. జనరేటర్ శబ్దం కుంగిపోవడం ఆ రోజుతో తగ్గింది.

ఇంత చేశాక కూడా ఒక గది మొరాయించింది. ఎంసీబీ ఆపి పదిహేను నిమిషాలు ఉంచి వేసినా స్టాల్ అవుతోంది. అంతసేపు ఆగాక కూడా లేవకపోతే అది ప్రెషర్ సమస్య కాదు, వోల్టేజ్, కెపాసిటర్, లేదా కంప్రెసర్ లోపలే పట్టేయడం. అక్కడ 45 మైక్రోఫారడ్ కెపాసిటర్ 36 చూపింది. మార్చగానే లేచింది. టైమర్ పెట్టడానికి ముందే అన్ని గదుల కెపాసిటర్లూ కొలవడం మంచిది, ఎన్నోసార్లు స్టాల్ అయిన ఏసీల్లో అది బలహీనపడి ఉండే అవకాశం ఉంది.

ఓనరు తన ఇంట్లోని ఇన్వర్టర్ ఏసీకి కూడా ఇలాంటి టైమర్ పెట్టమన్నాడు. దానికి అక్కర్లేదు. ఇన్వర్టర్ కంప్రెసర్‌ను డ్రైవ్ బోర్డు తక్కువ వేగం నుంచి మెల్లగా లేపుతుంది, కరెంటు హద్దు దాటితే ఆపి ఎర్రర్ కోడ్ చూపిస్తుంది, పైగా రీస్టార్ట్ ఆలస్యం దాని ప్రోగ్రామ్‌లోనే ఉంటుంది. కరెంటు వచ్చేటప్పుడు దానికి ప్రమాదం హై వోల్టేజ్ నుంచి, అది కాల్చేది కంప్రెసర్‌ను కాదు, ఖరీదైన బోర్డును. దానికి కావాల్సింది వోల్టేజ్ మరీ ఎక్కువైనా, తక్కువైనా సప్లై ఆపే హై-లో కట్-ఆఫ్. ఓనరు తల్లిగారి గదిలో నాబ్ తిప్పే పాత విండో ఏసీ కూడా ఉంది. దాంట్లో బోర్డే లేదు, లెక్క పెట్టేవాళ్లు లేరు. కరెంటు పోగానే నాబ్ ఆఫ్ చేసి, వచ్చాక ఐదు నిమిషాలు ఆగి వేయమన్నాను. హమ్మింగ్ వినిపిస్తే వెంటనే ఆపేయాలి. 'ఇంకోసారి వేసి చూద్దాం' అనుకుంటే ప్రతిసారీ ఆ 38 ఆంపియర్ల దెబ్బ మళ్లీ పడుతుంది.

మిగిలింది కింది డైనింగ్ హాలులోని పాత సింగిల్ ఫేజ్ యూనిట్. దాంట్లో క్యాపిలరీ బదులు ఎక్స్‌పాన్షన్ వాల్వ్ ఉంది. ఆగినప్పుడు ఆ రకం వాల్వ్ మూసుకుపోయి గ్యాస్‌ను జారనివ్వదు, మూడు నిమిషాలకే కాదు, ఇంకా చాలాసేపటికి కూడా ప్రెషర్లు పూర్తిగా కలవవు. దానికి టైమర్ ఒక్కటే చాలదని చెప్పి, మొదటి తిప్పుకు అదనపు బలం ఇచ్చేలా స్టార్ట్ కెపాసిటర్, పొటెన్షియల్ రిలే ఉన్న హార్డ్ స్టార్ట్ కిట్ వేసి, డిలేను ఐదు నిమిషాలకు పెట్టాం.